ముప్పై, అరవై, తొంభై

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. బడిలో, బడి బయట, ఆఖరికి కూరగాయల బండి దగ్గర కూడా ఆమె సున్నా టీచరే. లెక్కల టీచర్లు చాలామంది ఉంటారు, సున్నాలు వేసేవాళ్లూ చాలామంది ఉంటారు. ఈమె సున్నా మాత్రం వేరు. ఎర్ర పెన్ను ఎత్తకుండా, తొందరపడకుండా, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపే గుండ్రటి సున్నా. ఆ సున్నా పడ్డ పిల్లలకు ఏడవడానికి కూడా వీలుండేది కాదు, అంత అందంగా ఉండేది. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఆమె వేసిన సున్నాకి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదని చెబితే ఇంకా నిజంగా ఉంటుంది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి "జాతకం కుదరలేదు, లెక్క కుదిరింది" అని చెప్పి నవ్వేది. అన్న భార్య జ్వరంతో పోయినప్పుడు నాలుగేళ్ల పిల్లని చంకనేసుకుని ఇంటికి తెచ్చుకుంది. అన్నది ఊళ్లు తిరిగే ఉద్యోగం, నెలకోసారి ఫోను, ఆరు నెలలకోసారి మనిషి. కాబట్టి ఆ పిల్లకి అన్నం పెట్టింది, జడ వేసింది, తిట్టింది, పక్కలో పడుకోబెట్టుకుంది అన్నీ మేనత్తే. ఆ పిల్ల తెలివితక్కువది కాదు. దెబ్బ తగిలినవాళ్లని చూస్తే మిగతావాళ్లు మొహం తిప్పుకుంటారు, ఇది మాత్రం దగ్గరికి వెళ్లి కట్టు కడుతుంది. నర్సు అవుతానని తొమ్మిదో ఏటి నుంచీ పట్టుదల. అయితే లెక్కలంటే మాత్రం చేతులు చల్లబడిపోయేవి. పదో తరగతి పరీక్షలో అన్నీ పాసై, ఒక్క లెక్కల్లో ఇరవై తొమ్మిది తెచ్చుకుని ఊరుకుంది. లెక్కల టీచరమ్మ ఇంట్లో లెక్కల్లో ఫెయిలు! వీధి వీధంతా ఆ వారం ఇంకేమీ మాట్లాడుకోలేదు.

అలా ఫెయిలైనవాళ్లకి వేసవిలో మరోసారి పరీక్ష పెడతారు. పాసు మార్కు ముప్పై అయిదు. నర్సింగ్ శిక్షణ బడివాళ్లు పిల్లకి సీటు అట్టేపెట్టారు గానీ, పాసు కాగితం తెచ్చి చూపించాలని షరతు పెట్టారు. చూపించకపోతే సీటు వెనక ఉన్నవాళ్లకి పోతుంది, ఆ బడిలో వయసు నిబంధన వల్ల మళ్లీ ఏడాది ప్రయత్నించడానికి కూడా ఉండదు. అత్తా కోడళ్లు రెండు నెలలు పొద్దున్నా సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూచుని కుస్తీ పట్టారు.

ఆ వేసవిలోనే సున్నా టీచర్ని ప్రశ్నపత్రం సరిచూసే కమిటీలో వేశారు, దిద్దే క్యాంపుకి చీఫ్ ఎగ్జామినర్‌గా కూడా వేశారు. నింపాల్సిన ఫారంలో "ఈ పరీక్ష రాస్తున్న మీ సంతానం ఉన్నారా?" అని ఒక గడి ఉంది. ఆమె చాలాసేపు ఆ గడి వైపు చూసింది. అన్న కూతురు సంతానం కాదు. చట్టం ప్రకారం కాదు, కన్నపేగు లెక్కలో కూడా కాదు. "లేరు" అని రాసింది. ఆ రెండక్షరాలు రాస్తున్నప్పుడు మనసు చివుక్కుమందని తర్వాత తనే ఒప్పుకుంది. ప్రశ్నపత్రం సంగతి మాత్రం ఇంట్లో పొరపాటున కూడా నోరు జారలేదు. ఆ పిల్ల ఎదురుగా కూచుని పుస్తకంలో తలదూర్చి చదువుతుంటే, తనకి తెలిసిన ప్రశ్నలన్నీ పళ్ల వెనక బిగబట్టుకుని కూచుంది. అంత నిక్కచ్చి మనిషి.

ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. ఆమె ఇరవై ఏళ్లుగా పాఠంలో చెప్పే లెక్క ఒకటుంది. ఒకటి నుంచి వంద వరకు ఉన్న సంఖ్యల్లో మూడుతో గానీ, అయిదుతో గానీ, ఏడుతో గానీ శేషం లేకుండా పోయేవి ఎన్ని? మూడుతో ముప్పై మూడు, అయిదుతో ఇరవై, ఏడుతో పద్నాలుగు, కలిపితే అరవై ఏడు. కానీ పదిహేను లాంటివి మూడు ఖాతాలోనూ అయిదు ఖాతాలోనూ పడి రెండుసార్లు లెక్కకొచ్చాయి కదా. కాబట్టి జంటలు తీసేయాలి: మూడూ అయిదుకి ఆరు, మూడూ ఏడుకి నాలుగు, అయిదూ ఏడుకి రెండు, మొత్తం పన్నెండు. అరవై ఏడులోంచి పోతే యాభై అయిదు. ఇక మూడింటితోనూ పోయేవి తిరిగి కలపాలి. మూడింటితో పోయే మొదటి సంఖ్య నూట అయిదు, అది వంద దాటిపోయింది. అందుకని ఆఖరి మెట్టు దగ్గర ఆమె నల్లబల్ల మీద తన అందమైన సున్నా చుట్టేది. "ఆఖరి మెట్టు సున్నా, గుర్తుపెట్టుకోండి" అనేది. పిల్లలు గుర్తుపెట్టుకునేవారు. మేనకోడలూ గుర్తుపెట్టుకుంది.

కమిటీలో ఆ లెక్కనే ఇచ్చింది. జవాబు సరిగ్గా ఉంటే మూడు మార్కులు, లేకపోతే ఏమీ లేదు, మెట్లకి మార్కుల్లేవు. కమిటీలో ఒక పెద్దాయన, "ఏడో ఎక్కం పిల్లలకి కష్టం మేడం. రెండు, మూడు, అయిదు చేద్దాం" అన్నాడు. చేసేద్దాం అంది. అప్పటికే టీ చల్లారిపోతోంది, ఇంకా పదకొండు ప్రశ్నలున్నాయి. ఆమె తన జవాబు కాగితంలోనే అంకెలు కొట్టేసి కొత్తవి వేసింది. రెండుతో యాభై, మూడుతో ముప్పై మూడు, అయిదుతో ఇరవై, మొత్తం నూట మూడు. జంటలు పదహారు, పది, ఆరు, మొత్తం ముప్పై రెండు. నూట మూడులోంచి ముప్పై రెండు పోతే డెబ్బై ఒకటి. ఆఖరి మెట్టులో మొదటినుంచీ సున్నా ఉంది. సున్నాని కొట్టేయడానికి ఏముంది? అలాగే వదిలేసింది. జవాబు: 71. కింద సంతకం.

లెక్కలు రానివాళ్లు చేసే తప్పు కాదిది. ఒకే లెక్కని ఇరవై ఏళ్లు చెప్పినవాళ్లు మాత్రమే చేయగలిగిన తప్పు.

పరీక్ష రాసిన రోజు పిల్ల గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా, "అత్తా, రెండూ మూడూ అయిదు లెక్క వచ్చింది! నువ్వు చెప్పినట్టే చేశా. డెబ్బై ఒకటి!" అంది. సున్నా టీచర్ కళ్ల ముందు తన సంతకం కదిలింది. "కరెక్ట్" అంది. ఇద్దరూ ప్రశ్నపత్రం బల్ల మీద పరిచి మార్కులు కూడుకున్నారు. గట్టిగా లెక్కేస్తే ముప్పై ఆరు. పిల్ల ఆమె మెడ కావలించుకుని ఊపేసింది. ఒక్క మార్కు పైగా వచ్చిందని అంత సంబరపడ్డ మనుషుల్ని మీరు చూసి ఉండరు.

క్యాంపు ఒక బడి హాల్లో పెట్టారు. ఇరవై రెండు మంది టీచర్లు, బల్లకొకరు, తలకి నలభై పేపర్ల కట్ట. పేపర్ల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. మొదటిరోజు పొద్దున్నే, కిందటేడే ఉద్యోగంలో చేరిన ఒక కొత్త టీచరమ్మ కీ అనే జవాబుల కాగితం పట్టుకుని లేచి నిలబడింది.

"మేడం, పదిహేడో ప్రశ్న… నాకు డెబ్బై నాలుగు వస్తోంది."

సున్నా టీచర్ తలెత్తలేదు. "దిద్దడానికి వచ్చారా, పరీక్ష రాయడానికి వచ్చారా అమ్మా?"

హాలంతా గొల్లుమంది. కొత్త టీచరమ్మ చెవులు ఎర్రబడ్డాయి, కూచుంది. ఆ తర్వాత ఇంకెవరైనా ఆ జవాబు చూసి కనుబొమ్మ ఎగరేశారో లేదో తెలీదు. ఎగరేసినా దించేసుకుని ఉంటారు. ఇరవై రెండు మంది లెక్కల పంతుళ్లు ఉన్న గదిలో ఒక తప్పు మూడు రోజులు దర్జాగా కూచుంది. ఎందుకంటారా? దాని కింద సున్నా టీచర్ సంతకం ఉంది కాబట్టి.

మూడో రోజు పదకొండింటికి ఆమె కొత్త టీచరమ్మ కట్టలోంచి ఒక పేపరు తీసి సరిచూస్తోంది. చీఫ్‌లు ఆకుపచ్చ పెన్నుతో అక్కడక్కడా తిరిగి చూడాలని నియమం. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగింది. ఈ పిల్లో పిల్లాడో సూత్రం జోలికే పోలేదు. ఒకటి నుంచి వంద వరకు అంకెలన్నీ పది వరసలుగా రాసేసి, పోయేవాటిని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయారు. రెండుతో పోతే ఒక గీత, మూడుతో పోతే అడ్డంగా ఒకటి, అయిదుతో పోతే కింద ఒకటి. కాగితం అంతా కాకిగూడు. జవాబు 74. కొత్త టీచరమ్మ సున్నా వేసి ఉంది. సున్నా పక్కన పెన్సిలుతో చిన్న చుక్క. మొత్తం మార్కులు ముప్పై రెండు.

'ఇంత శ్రమపడి మూడు తప్పుగా కొట్టేసింది పాపం' అనుకుంది సున్నా టీచర్. ఎక్కడ తప్పిందో చూద్దామని కొట్టేయని అంకెలు లెక్కపెట్టింది. డెబ్బై ఒకటి పోతే ఇరవై తొమ్మిది మిగలాలి. ఇరవై ఆరు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. ఒకటి, ఏడు, పదకొండు, పదమూడు… నలభై తొమ్మిది, డెబ్బై ఏడు, తొంభై ఒకటి… ఇరవై ఆరే. ఆ ఇరవై ఆరులో ఒక్కటి కూడా రెండుతోనో మూడుతోనో అయిదుతోనో పోయేది లేదు. కొట్టేసినవాటిలో పోనిది ఒక్కటి కూడా లేదు. అప్పుడు ఆమె కళ్లు మూడో వరస చివర ఆగాయి. ముప్పై మీద మూడు గీతలున్నాయి. అరవై మీద మూడు. తొంభై మీద మూడు.

నూట అయిదు కాదు. రెండు మూళ్లు ఆరు, ఆరు అయిదులు ముప్పై. ముప్పై వందలోపలే ఉంది. సున్నా కాదు, మూడు.

లేచి బయట కుళాయి దగ్గరికి వెళ్లింది. మొహం కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. నీళ్లు మోచేతుల మీంచి చీర మీదికి కారుతుంటే చూస్తూ నిలబడింది. డెబ్బై నాలుగు రాసినవాళ్లకి మూడు మార్కులు రావాలి. డెబ్బై ఒకటి రాసినవాళ్లకి మూడు మార్కులు పోవాలి. ముప్పై ఆరులోంచి మూడు పోతే ముప్పై మూడు. ఈ తీసివేతకి సూత్రం అక్కర్లేదు, పెన్ను అక్కర్లేదు. ఆ పిల్ల వంటింట్లో మెడ కావలించుకుని ఊపినప్పుడు గాజు తగిలి గీరుకున్న చోటు మళ్లీ మండినట్టయింది.

నాలుగింటికి వ్యాను వస్తుంది. మూడు రోజుల పెట్టెలు పక్క గదిలో తాళం వేసి ఉన్నాయి, నాలుగింటికి ఎక్కించేస్తారు. ఆ తర్వాత కోడ్లు విప్పి మార్కులు వేసేస్తారు. ఎవరికి వాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే తప్ప పేపరు మళ్లీ వెలుతురు చూడదు. ఫెయిలైన పిల్లల్లో దరఖాస్తు పెట్టే తీరికా తెలివీ ఎందరికుంటాయి? ఎవరికీ తెలియదు. అయిదు గంటలు నోరు మూసుకుంటే చాలు. ఆమె ఆ మాట అనుకుంది. అనుకోలేదని నేను చెప్పను. ఒకసారి కాదు, భోజనం గంట కొట్టేదాకా అదే అనుకుంది. డబ్బా తెరిచి అన్నం కెలికి మళ్లీ మూత పెట్టింది. ఎదురు బల్ల దగ్గర కొత్త టీచరమ్మ ఒక్కతే కూచుని తింటోంది. మూడు రోజులుగా ఒక్కతే తింటోంది.

సున్నా టీచర్ ఆ ముప్పై రెండు మార్కుల పేపరు పట్టుకెళ్లి ఆమె ముందు పెట్టింది. "ఈ పెన్సిలు చుక్క ఏంటమ్మా?"

కొత్త టీచరమ్మ చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడిపోయింది. "చెరిపేస్తాను మేడం. డెబ్బై నాలుగు రాసినవాళ్ల దగ్గర పెట్టాను. ఎప్పుడైనా మళ్లీ దిద్దాల్సి వస్తే వెతుక్కోకుండా ఉంటుందని…"

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి కట్ట నుంచీ."

సున్నా టీచర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "చెరపకండి" అంది.

క్యాంపు అధికారి ఒక బడి హెడ్మాస్టరు, చెప్పేది భాషా పాఠాలు. పక్క గదిలో పెట్టెల మధ్య కూచుని లక్క కరిగిస్తున్నాడు. విషయం విని ఆయన లక్క పుల్ల ఊది ఆర్పేశాడు.

"మేడం, నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ జ్వరం. కీ తప్పని మీరే అంటున్నారు, కీ రాసింది మీరే. రేపు బోర్డువాళ్లు అడిగితే నేనేం చెప్పను? నాకు కంటికి కనపడేట్టు చూపించండి."

ఆ గదిలో గోడకి ఒక పెద్ద చెక్క అలమర ఉంది. ఒకప్పుడు హాస్టలు పిల్లలు చెప్పులు పెట్టుకునేది. పది వరసలు, వరసకి పది అరలు, ప్రతి అర మీదా తెల్లరంగుతో నంబరు. కట్టలన్నీ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి కాబట్టి ఖాళీగా ఉంది. ఆమె కట్టల మీద అంటించే చీట్ల దస్తా తీసుకుంది.

"రెండుతో పోయే ప్రతి అరలో ఒక చీటీ పెడుతున్నా సార్. రెండు, నాలుగు, ఆరు… యాభై చీట్లు." పెట్టింది. "మూడుతో పోయేవాటిలో ఒకటి. ముప్పై మూడు." పెట్టింది. "అయిదుతో పోయేవాటిలో ఒకటి. ఇరవై. ఎన్నయ్యాయి?"

ఆయన వేళ్ల మీద కూడుకున్నాడు. "నూట మూడు. అరలే వంద ఉంటే!"

"అదే కదా. కొన్ని అరల్లో రెండేసి ఉన్నాయి. ఆరో అర చూడండి, రెండు తరఫున ఒకటి, మూడు తరఫున ఒకటి. అరకి ఒక్క చీటీయే మిగలాలి. అందుకని ఇప్పుడు జంటలు తీస్తాం. రెండుతోనూ మూడుతోనూ పోయే అరల్లోంచి ఒక్కోటి తీయండి."

ఆయన తీశాడు. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, అలా పదహారు. తర్వాత పది, ఇరవై, ముప్పై అంటూ రెండూ అయిదు జంటవి పది. తర్వాత పదిహేను, ముప్పై, నలభై అయిదు అంటూ మూడూ అయిదు జంటవి ఆరు. చేతిలో ముప్పై రెండు చీట్లు అయ్యాయి.

"అరల్లో డెబ్బై ఒకటి మిగిలాయి. నా కీ ఇక్కడ ఆగిపోయింది సార్. ఇప్పుడు ముప్పై నంబరు అరలో చూడండి."

ఆయన తొంగి చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. "ఖాళీ."

"అరవై?"

"అదీ ఖాళీ. తొంభై కూడా." ఆయన నిటారుగా అయ్యాడు. "అదేంటి, ముప్పై అనేది రెండుతో పోతుందిగా? మూడుతోనూ పోతుంది, అయిదుతోనూ…"

"మూడింటితోనూ పోతుంది. అందుకే మూడు చీట్లు పెట్టాం. మూడు జంటల్లోనూ ఉంది, అందుకే మూడుసార్లు తీసేశాం. అందరికంటే ఎక్కువ హక్కున్నదే బయట నిలబడిపోయింది. ఆ మూడింటినీ తిరిగి లోపలికి తీసుకురావాలి. నేను తీసుకురాలేదు."

ఆయన చేతిలోంచి మూడు చీట్లు తీసి ముప్పైలో, అరవైలో, తొంభైలో ఒక్కొక్కటి పెట్టింది. ఆయన నోట్లో గొణుక్కుంటూ అలమర మొత్తం మొదటి నుంచి చివరి దాకా లెక్కపెట్టాడు. చీటీ ఉన్న అరలు డెబ్బై నాలుగు. లేనివి ఇరవై ఆరు. జ్వరం ఉన్న మనిషి కాబట్టి రెండోసారి కూడా లెక్కపెట్టాడు.

"సరే" అన్నాడు చివరికి. కుర్చీ లాగి ఆమెని కూచోమన్నాడు. మంచి మనిషి, ఎవరూ ఏడవకుండా ఉండాలనుకునే రకం. "ఒక పని చేద్దాం మేడం. డెబ్బై నాలుగు రాసినవాళ్లకి మూడు మార్కులు కలిపేద్దాం. డెబ్బై ఒకటి వాళ్లకి వేసింది వేసినట్టే ఉంచేద్దాం. కీలో తప్పుంది కాబట్టి రెండింటికీ ఇచ్చామని రాస్తాను. బోర్డువాళ్లు ఇలాంటివి ఒప్పుకుంటారు. అటూ ఇటూ ఎవరికీ నష్టం లేదు."

సున్నా టీచర్ గుండె ఒక్కసారి తేలికైంది. వెలుతురు వచ్చినట్టు, ఊపిరి ఆడినట్టు. తల ఊపితే చాలు. తల ఊపడానికి మెడ సిద్ధంగానే ఉంది. ముప్పై ఆరు ముప్పై ఆరుగానే ఉంటుంది, ఆ ముప్పై రెండు ముప్పై అయిదు అవుతుంది, తను చేసిన తప్పు కడుక్కుపోతుంది. ఇంతకంటే దేవుడు దిగొచ్చి ఏం చేస్తాడు?

"మీరే కదా చీఫ్, మీరు సిఫార్సు చేస్తూ సంతకం పెట్టండి" అంటూ ఆయన తెల్లకాగితం జరిపాడు.

ఆమె పెన్ను తీసుకుంది. కాగితం మీద పెట్టింది. ఆకుపచ్చ సిరా ఒక చుక్క ఊరి పెద్దదైంది. ఎదురుగా అలమరలో తెల్లరంగు ముప్పై కనిపిస్తోంది.

"సార్, డెబ్బై ఒకటి రాసినవాళ్లలో మా మేనకోడలు ఉంది" అంది. "నా దగ్గరే పెరిగింది. ఫారంలో సంతానం లేరని రాశాను. ఆ మూడు మార్కులు ఉంటే పాసవుతుంది, పోతే ఫెయిలవుతుంది. ఈ సిఫార్సు మీద నేను సంతకం పెట్టకూడదు."

ఆయన కళ్లజోడు తీశాడు. చాలాసేపు తుడిచాడు. "ఎందుకు చెప్పారమ్మా?" అన్నాడు. ఆ అడగడంలో కోపం కంటే బాధే ఎక్కువుంది. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా. ఇప్పుడు నేనే రాద్దామన్నా రాయలేను. మీ పిల్ల కోసం రాశాననరూ?"

ఆయన బోర్డుకి ఫోను చేశాడు. ఆమె తలుపు బయట నిలబడింది. లోపల్నుంచి "అవునండి… ఆమే స్వయంగా… లేదండి, వాళ్ల అన్నయ్య కూతురు…" అన్న ముక్కలు వినపడ్డాయి. పావుగంట తర్వాత ఆయన బయటికొచ్చి చెప్పాడు. సరైన జవాబుకే మార్కులు. వ్యాను రేపటికి. పేపర్లన్నీ తెరిచి పదిహేడో ప్రశ్న తిరిగి దిద్దాలి. చీఫ్‌ని వెంటనే తప్పించాలి, ఫారం సంగతి విడిగా విచారిస్తారు.

హాల్లో అందరి ముందూ ఆమె తన నోటితోనే చెప్పింది. "కీ తప్పు. డెబ్బై నాలుగు కరెక్టు. మొదటిరోజే ఒకరు చెప్పారు, నేను నోరు మూయించాను. అందరి ముందూ మూయించాను కాబట్టి అందరి ముందూ క్షమించమంటున్నాను." ఈసారి ఎవరూ నవ్వలేదు. కొత్త టీచరమ్మ తల వంచుకుని ఏడ్చేసింది. ఆ తర్వాత పెట్టెల మీద లక్క పగలగొట్టిన చప్పుడు మొదలైంది. ఒక్క కొత్త టీచరమ్మ కట్టల్లోనే తిరగేసేవాళ్లకి పని తేలికైంది, చుక్కలు దారి చూపించాయి. మిగతావి ఒక్కొక్క కాగితమే తిప్పుకోవాల్సి వచ్చింది. సున్నా టీచర్ని పేపరు ముట్టుకోనివ్వలేదు. సంచీ సర్దుకుంటూ, ఆ వంద అంకెల కాగితం మీద తన సున్నా లాంటి సున్నాని ఎవరో కొట్టేసి మూడు వేయడం మాత్రం చూసింది. ముప్పై రెండు ముప్పై అయిదైంది. ఎవరి బిడ్డో, ఎక్కడుందో, ఎప్పటికీ తెలియదు.

ఇంటికి వెళ్లేసరికి ఇంకా ఎండగానే ఉంది. పిల్ల వాకిట్లో పక్కింటి ముసలమ్మ కాలికి కట్టు కడుతోంది. నర్సు అవుతాననే ధీమాతో కడుతోంది. సున్నా టీచర్ ముసలమ్మ వెళ్లేదాకా గుమ్మం పట్టుకుని ఆగింది. తర్వాత లోపలికి పిలిచి, బల్ల దగ్గర కూచోబెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. అధికారి ఇవ్వబోయిన దారి సంగతి కూడా దాచలేదు.

పిల్ల ఏడవలేదు. బల్ల మీద గుడ్డ అంచు వేలితో మడుస్తూ విప్పుతూ కూచుంది.

"ఆఖరి మెట్టు సున్నా అన్నావు" అంది.

"అన్నాను."

"నువ్వు చెప్పినట్టే రాశాను కదా అత్తా."

ఇరవై నాలుగేళ్లుగా ఆమె పిల్లలకి వేసిన సున్నాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత బరువు ఉండవు. పిల్ల లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పెట్టలేదు. అదొక్కటే ఆ సాయంత్రం ఆమెకు మిగిలిన దయ.

ఫలితాలొచ్చాయి. ముప్పై మూడు. నర్సింగ్ బడివాళ్లు మర్యాదగానే ఉత్తరం రాసి సీటు వేరేవాళ్లకి ఇచ్చేశారు. బోర్డువాళ్లు ఆమెని ఇక పరీక్షల పనులకి పిలవకూడదని తీర్మానించి, సర్వీసు పుస్తకంలో ఒక నల్ల వాక్యం రాశారు. అన్న ఫోనులో, "నీ నిజాయితీకి నా కూతురే దొరికిందా?" అని అరిచి పెట్టేశాడు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. వంట చేయడం మర్చిపోయేది, చేసినా ఉప్పు మర్చిపోయేది. తను చేసింది మంచిపనో, ఒక పిల్ల గొంతు కోయడమో ఆమెకే తేలలేదు. నన్నడిగితే నాకూ తేలలేదు.

నెల దాటాక ఒక పొద్దున పిల్ల నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి కూచుంది. నర్సు అవడానికి కాదు, ఆ దారి మూసుకుపోయింది. పదో తరగతి అయినా దాటాలి, లేకపోతే ఏ దారీ ఉండదు. ఇన్ని రోజుల్లో అన్నానికి రమ్మనడం తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు. సున్నా టీచర్ ఎదురుగా కూచుని, పెన్ను తీసి రాసింది. యాభై, ముప్పై మూడు, ఇరవై. నూట మూడు. పదహారు, పది, ఆరు. ముప్పై రెండు. డెబ్బై ఒకటి.

ఆఖరి మెట్టు దగ్గరికి వచ్చేసరికి పిల్ల చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇది నేను వేస్తాను" అంది. "నువ్వు పెన్ను కింద పెట్టు అత్తా."

ఆమె పెన్ను కింద పెట్టింది.